ముప్పై సెకన్లలో ఒక్కపొద్దు

మా కాలనీ గుడి కమిటీకి వాట్సాప్ గ్రూపు ఒకటుంది. పండగొస్తుందంటే అందులో ముప్పై సెకన్ల వీడియో ఒకటి పడాలి. రాసేది నేనే, గొంతు ఇచ్చేదీ నేనే. ఈ ముప్పై సెకన్ల లెక్క ఎక్కడిదంటే, ఒకప్పుడు వాట్సాప్ స్టేటస్‌లో అంతకు మించి పట్టేది కాదు. ఇప్పుడు ఎక్కువే పడుతుంది కానీ మా కమిటీ పెద్దాయన ఒప్పుకోడు. "ముప్పై దాటిందంటే వేలు పైకి జరుపుతారమ్మా" అంటాడు. ఆ విషయంలో ఆయనతో నాకు గొడవ లేదు. గొడవంతా ఆ ముప్పైలో ఏ మాట ఎక్కడ పెట్టాలన్న దగ్గరే.

2024లో తొలి ఏకాదశికి నేను రాసిన స్క్రిప్టు చూడముచ్చటగా ఉండేది. పాలకడలి, శేషపాన్పు, నాలుగు నెలల యోగనిద్ర, చాతుర్మాస్యం, పేలపిండి, అన్నీ ఉన్నాయి. చివరి మూడు సెకన్లలో "ఆరోగ్య సమస్యలు ఉన్నవారు వైద్యుల సలహా తీసుకోగలరు" అని గబగబా చదివేశాను. మ్యూచువల్ ఫండ్ ప్రకటనల చివర ఊపిరాడకుండా చదివే వాక్యం ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. ఏకాదశి పొద్దున ఆరింటికి గ్రూపులో పెట్టాను. దండాలు, పూలు బోలెడొచ్చాయి. మలక్‌పేటలో ఉండే మా మేనత్త అయితే దాన్ని తిరిగి నాకే ఫార్వర్డ్ చేసింది, "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అని.

ఆ రోజు మొహర్రం సెలవు కూడా. పన్నెండు కావస్తుండగా ఆ మేనత్త కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. "అమ్మ గుడి నుంచి వచ్చినప్పట్నుంచి ఒకటే చిరచిరలాడుతోంది, చెమటలు కారుతున్నయి, ఏమైనా అంటే తిడుతోంది" అన్నాడు. మా అత్తమ్మ తిట్టే మనిషి కాదు. నేను అక్కడికి చేరేసరికి గంట దాటింది. బీబీ కా ఆలం ఊరేగింపు ఉందని చాదర్‌ఘాట్ వైపు బండ్లు మళ్లించారు. ఈలోపు బావ ఫోన్లో నేను చెప్పినట్టు గ్లూకోమీటర్ తీసి వేలు గుచ్చి చూశాడు. యాభై ఎనిమిది. డెబ్బైకి తగ్గిందంటే తక్కువనే లెక్క. యాభై ఎనిమిది దగ్గర మనిషికి చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఎదుటివాళ్ల మాట సరిగ్గా బుర్రకెక్కదు. ఆ చిరచిర కోపం కాదు, మెదడుకి చక్కెర అందకపోవడం.

చక్కెర నీళ్లు కలిపి ఇస్తే తాగనంది. "ఒక్కపొద్దు చెడుతది. పెండ్లైనప్పట్నుంచి ఒక్క ఏకాదశి ఇడ్వలే, ఇప్పుడు ఇడుస్తనా" అని గ్లాసు పక్కకి నెట్టేసింది. బావకి ఏం తోచక, వాళ్లు వెళ్లే గుడి అర్చకుడికి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాడు. ఆయన ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "అమ్మా, మందుతో వ్రతం చెడదని శాస్త్రమే చెప్తోంది. ఇప్పుడు మీకు ఆ చక్కెరే మందు, తాగండి" అన్నాడు, అంతే. తాగింది. మూడు చెంచాల చక్కెర, అర గ్లాసు నీళ్లు. పావుగంట తర్వాత మళ్లీ చూస్తే ఎనభై ఆరు.

నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని అరటిపండు ఒలుస్తోంది, పక్కన పాల గ్లాసు. ఫోన్లో నా వీడియో ఇంకా తెరిచే ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె మందుల డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. పొద్దున ఏడింటికి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంది. రోజూ వేసుకునేదే. మిగతా రోజుల్లో అది వేసుకున్నాక ఇడ్లీయో ఉప్మాయో తింటుంది. ఆ రోజు చక్కెర లేని కాఫీ తాగి గుడికెళ్లింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి షుగర్ ఇలా పడిపోవడం అరుదు. పేచీ అంతా గ్లిమిపిరైడ్ దగ్గర. అది క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ వదలమంటుంది. కడుపులో ఇడ్లీ ఉందా లేదా అన్నది దానికి పట్టదు. మనం తిన్నా తినకపోయినా తన పని తాను చేసుకుపోతుంది, అదీ ఒక గంటో రెండు గంటలో కాదు, దాదాపు రోజంతా. అందుకే చక్కెర నీళ్లతో ఒకసారి పైకొచ్చినా సాయంత్రంలోపు మళ్లీ పడొచ్చు. చక్కెర నీళ్ల తర్వాత అరటిపండు, పాలు పెట్టిందీ, మూడింటికి మళ్లీ వేలు గుచ్చి చూసిందీ అందుకే. అప్పుడు డెబ్బై నాలుగు ఉంది. ఇంకో అరటిపండు.

ఇక నా వీడియో సంగతి. అందులో హెచ్చరిక ఉంది కదా, ఉండీ ఏం పనికొచ్చింది? ముందుగా, "ఆరోగ్య సమస్యలు ఉన్నవారు" అన్నది తన గురించేనని మా అత్తమ్మ అనుకోలేదు. ఆమె లెక్కలో షుగర్ ఆరోగ్య సమస్య కాదు. ఆరోగ్య సమస్య అంటే ఆస్పత్రిలో పడుకోవడం. షుగర్ అనేది కళ్లజోడులాంటిది, ఉంటుంది అంతే. ఇంకోటి, వీడియో ఏకాదశి పొద్దున వచ్చింది. డాక్టర్ని ఏం అడగాలన్నా మాత్ర మింగకముందు అడగాలి. ఆమె నా వీడియో చూసింది ఎనిమిదింటికి, మాత్ర మింగింది ఏడింటికి.

అందుకే 2025లో మళ్లీ రాయాల్సి వచ్చినప్పుడు నేను ముందు మార్చింది మాట కాదు, రోజు. ఆ ఏడు ఏకాదశి జూలై 6, ఆదివారం. వీడియో శనివారం మధ్యాహ్నం వెళ్లాలన్నాను. కమిటీ పెద్దాయన నొచ్చుకున్నాడు, పండగ వీడియో పండగ రోజు కదా పెట్టాలని. దశమి నాడు ఒంటిపూట తిని ఏకాదశికి సిద్ధమవ్వాలన్నది మనవాళ్లు పెట్టుకున్న నియమమే కదండీ, వ్రతం మొదలయ్యేదే దశమి నుంచి అన్నాను. దానికి కాదనలేకపోయాడు. ఆదివారం ఏ డాక్టరూ ఫోనెత్తడన్న అసలు కారణం నేను పైకి చెప్పలేదు.

రోజు కుదిరింది. ఇక మాటలు. ముప్పై సెకన్లంటే ఎన్ని మాటలో వంటింట్లో ఫోన్ టైమర్ పెట్టుకుని చదివి చూసుకున్నాను. తెలుగు మాట పొడుగు. "తీసుకోగలరు" అనడానికే ఆరు అక్షరాలు. పెద్దవాళ్లకి వినపడేలా, తొందరపడకుండా చదివితే సెకనుకి రెండు మాటలు. అంటే యాభై అయిదు, మహా అయితే అరవై. పాలకడలికి ఇరవై పోతే మిగిలేవి నలభై.

మా డాక్టరుగారికి చూపిస్తే ఆయన పదకొండు హెచ్చరికలు రాసిచ్చాడు. అన్నీ నిజమైనవే. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చక్కెరతోపాటు నీళ్లు కూడా మూత్రంలో పంపేస్తాయి కాబట్టి నీళ్లు తాగకుండా ఉపవాసం ఉంటే ప్రమాదమట. నీరు తోడే బీపీ మాత్ర వేసుకుని నీళ్లు తాగని మనిషి గబుక్కున లేస్తే కళ్లు తిరిగి పడిపోతారట. గ్యాస్ట్రిక్, మైగ్రేన్, తక్కువ రక్తం, అలా సాగింది. పదకొండూ చదివితే రెండు నిమిషాలు. అప్పుడు ఆయన్ని ఒకటే అడిగాను: ఏకాదశి రోజు మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చే కేసు ఏది? క్షణం ఆలోచించకుండా చెప్పాడు, మాత్ర వేసుకుని తినకుండా ఉన్న షుగర్ పేషెంట్. అయితే దానికే పన్నెండు సెకన్లు ఇస్తాను, మిగతావాటిలో ఎన్ని పడితే అన్ని అన్నాను.

ఇక్కడ నేను మొండిగా పట్టుకున్న మాట ఒకటుంది. హెచ్చరికని నియమాల తర్వాత, ఒక గీత గీసి, దాని కింద రాయడం తప్పు. అలా రాస్తే వినేవాళ్లకి ఏమనిపిస్తుంది? పైనున్నది దేవుడి మాట, కిందున్నది డాక్టరు మాట. భక్తి గట్టిగా ఉన్నవాళ్లు పైమాట వింటారు, లేనివాళ్లు కిందిమాట వింటారు. మా అత్తమ్మ గ్లాసు పక్కకి నెట్టింది ఈ గీత వల్లే. అర్చకుడు చేసిందల్లా ఆ గీత చెరిపేయడం.

ఆయన చెప్పిన శాస్త్రం ఏదో తర్వాత వెళ్లి అడిగాను. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి రాత్రంతా నీతులు చెప్తాడు కదా, అందులోని శ్లోకమట. "అష్టౌ తాన్యవ్రతఘ్నాని ఆపో మూలం ఫలం పయః, హవిర్బ్రాహ్మణకామ్యా చ గురోర్వచనమౌషధమ్." వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది: నీళ్లు, దుంపలు, పళ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. ఆ చివరి మాట చూడండి. ఔషధం వేరే గీత కింద లేదు, పాలు పళ్ల వరసలోనే ఉంది. నాకు స్క్రిప్టు అక్కడే దొరికింది. "నీళ్లు, పాలు, పళ్లు, మందులు, వీటితో వ్రతం చెడదు." ఏడు మాటలు. నియమమూ అదే, హెచ్చరికా అదే. మూడున్నర సెకన్లలో రెండు పనులు.

రెండోది, మనకి "ఒక్కపొద్దు" అన్న మాట ఉంది. తెలంగాణలో ఉపవాసం ఉన్నానని ఎవరంటారు? ఒక్కపొద్దున్న అంటారు. ఒక్కపొద్దు అంటే ఒక పూట తిండి. మాటలోనే భోజనం ఉంది. మా అత్తమ్మ నోట ఆ మాటే ఉంటుంది కానీ చేసేది మాత్రం పూర్తి పస్తు, పొద్దున ఆ కాఫీ తప్ప సాయంత్రం దాకా పచ్చి గంగ ముట్టదు. పూర్తిగా ఉండలేనివాళ్లకి పగలు ఒకసారి తినే ఏకభుక్తం, రాత్రి ఒకసారి తినే నక్తం మన పెద్దలు ఒప్పుకున్నవే. కొత్తగా సడలింపు ఇవ్వక్కర్లేదు, ఉన్న మాటకి ఉన్న అర్థం గుర్తుచేస్తే సరిపోతుంది.

ఒక మాట మాత్రం రాసి కొట్టేశాను. మొదట "రేపు షుగర్ మాత్ర మానేయండి" అని రాసుకున్నాను. ఆజ్ఞలా సూటిగా ఉంది, నాలుగు మాటల్లో అయిపోయింది. డాక్టరుగారు చూసి నిజంగా భయపడ్డాడు. చిన్నప్పట్నుంచీ ఇన్సులిన్ మీదే బతికే పిల్లలుంటారు, వాళ్లు తిన్నా తినకపోయినా కొంత ఇన్సులిన్ పడాల్సిందే, పూర్తిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుందన్నాడు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి మానాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. గ్లిమిపిరైడ్ కొందరికి తగ్గిస్తారు, కొందరికి వేళ మారుస్తారు. ఏది ఎవరికో వీడియో చెప్పలేదు. చెప్పగలిగింది ఒకటే, "రేపటి డోసు ఎంత" అన్న ప్రశ్న. "డాక్టర్ సలహా తీసుకోండి" అంటే ఏమడగాలో తెలియక ఊరుకుంటారు. "రేపటి డోసు ఎంతో అడగండి" అంటే అడగాల్సిన మాట చేతిలో పెట్టినట్టు.

ఈ విషయంలో మన ఊళ్లోనే నేర్చుకోవాల్సింది ఉంది. మా డాక్టరుగారి దగ్గరికి రంజాన్‌కి ముందే ముస్లిం పేషెంట్లు వస్తారు, సహ్రీకి ఏ మాత్ర, ఇఫ్తార్‌కి ఏ మాత్ర అని రాయించుకుపోతారు. నెల రోజుల ఉపవాసం కాబట్టి జాగ్రత్త. జబ్బున్నవాళ్లు తర్వాత రోజుల్లో పూర్తిచేసుకోవచ్చని ఖురాన్‌లోనే ఉంది. డెబ్బైకి తగ్గినా, మూడు వందలు దాటినా ఆ రోజు ఉపవాసం విరమించాలని రంజాన్ కోసం డాక్టర్లు రాసుకున్న అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. ఏకాదశికి ముందు తన దగ్గరికి ఎవరూ రారన్నాడు. ఒక్క రోజేగా అనుకుంటారు. గ్లిమిపిరైడ్‌కి కావలసిందీ ఆ ఒక్క రోజే.

చివరికి వెళ్లిన స్క్రిప్టు ఇది:

"రేపు తొలి ఏకాదశి. విష్ణుమూర్తి నిద్రకు వెళ్లే రోజు. ఉపవాసం అంటే ఆయన దగ్గర కూర్చోవడం, కడుపు మాడ్చుకోవడం కాదు. అన్నం మానండి. నీళ్లు, పాలు, పళ్లు, మందులు, వీటితో వ్రతం చెడదు. చేతకానివాళ్లు ఒక్కపొద్దు ఉండండి. షుగర్ మాత్ర, ఇన్సులిన్ వాడేవాళ్లు రేపటి డోసు ఎంతో ఈ రాత్రిలోపే డాక్టర్ని అడగండి. చెమటలు పట్టినా, చేతులు వణికినా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. అప్పుడు అదే మందు. గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు దండం పెట్టుకుంటే చాలు."

యాభై ఏడు మాటలు, ఇరవై తొమ్మిది సెకన్లు. ఉపవాసం ఎందుకన్నదానికి ఏడున్నర సెకన్లే ఇచ్చానని పెద్దాయన అలిగాడు. "ఉప" అంటే దగ్గర, "వాసం" అంటే ఉండటం. ఆ అర్థం ఒక్కటి చెప్తే ఎందుకన్నదానికి జవాబు వచ్చేసినట్టేనని నా వాదన. పైగా తర్వాత చెప్పబోయే చక్కెర నీళ్లకి అదే దారి వేస్తుంది. ఉపవాసమంటే దగ్గర కూర్చోవడమైతే చక్కెర నీళ్లు తాగి కూడా కూర్చోవచ్చు. ఉపవాసమంటే ఆకలే అయితే తాగకూడదు. ఏ అర్థం ముందు చెప్తామన్నదాన్ని బట్టి హెచ్చరిక నిలబడుతుంది, లేదా జారిపోతుంది.

పారణ మాట గొంతులో లేదని గమనించే ఉంటారు. ద్వాదశి ఘడియలు దాటకుండా భోంచేయాలి, ఆ వేళ ఏడాదికోలా ఉంటుంది. అంకెలు చెవికంటే కంటికి బాగా అందుతాయి కాబట్టి పంచాంగం చూసి ఆ వేళ తెర మీద రాయించాను. షుగర్ మాట మాత్రం గొంతులోనే ఉండాలని పట్టుబట్టాను. మా అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫోన్ చూడదు, వింటూ పూలు కడుతుంది.

ఇందులో లేనివి నాకు తెలుసు. చక్కెర నీళ్లు తాగిన పావుగంటకి మళ్లీ చూసుకోవాలి, ఆ తర్వాత ఏదైనా తినాలి అన్నది పట్టలేదు. తెలివి తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి అన్నదీ పట్టలేదు. ఈ రెండూ వీడియో కింద మెసేజ్‌లో రాశాను. ఎంతమంది చదివారో మరి. సగ్గుబియ్యం కిచిడీ గురించి కూడా చెప్పలేదు. ఫలహారమే కదా అని రెండు ప్లేట్లు లాగిస్తే షుగర్ కిందికి కాదు, పైకి ఎగురుతుంది. సగ్గుబియ్యమంటే దాదాపు అంతా పిండిపదార్థమే.

ఇక పేలపిండి. తొలి ఏకాదశికి మన ఇళ్లలో జొన్నపేలాలు పొడి కొట్టి, బెల్లం, యాలకులు కలిపి తినకపోతే పండగ చేసినట్టు కాదు. ధాన్యం ముట్టకూడదన్న నియమం ఒకవైపు, జొన్నపేలాల ప్రసాదం ఒకవైపు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఒకే రోజు ఎలా పొసుగుతాయో నేను యాభై ఏడు మాటల్లో చెప్పలేక వదిలేశాను.

శనివారం రాత్రి ఎనిమిదింటికి మా అత్తమ్మ ఫోన్ చేసింది.

"డాక్టరుతోని మాట్లాడిన బిడ్డా. రేపటికి మాత్ర మార్చి చెప్పిండు, చీటీ మీద రాయించుకున్న. పొద్దుగాల, మధ్యాహ్నం వేలు గుచ్చి చూసుకోమన్నడు. పస్తు వద్దన్నడు, ఒక్కపొద్దుండు అన్నడు."

"మంచిది అత్తమ్మా. మరి పేలపిండి?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక మిక్సీ తిరుగుతున్న చప్పుడు.

"అది నేనేం అడగలే" అంది.